వద్దన్న గంటలు ఎవరి లెక్కలో రాయాలి?

పీక్ సీజన్ ఓటీ గురించి మా టీమ్ లీడ్ పంపిన మెయిల్ మొదటిసారి చదివినప్పుడు, పర్లేదే, ఈసారి బుర్ర పెట్టి రాశారు అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రి కాగితం, పెన్ను తీసుకుని ఆ ఒక్క వాక్యం మీదే గంటన్నర కూర్చున్నాను. నా పిచ్చి నాకానందం అనుకోండి.

మాది గోడౌన్‌లో ప్యాకింగ్, డిస్పాచ్ పని. పద్నాలుగు మందిమి. మెయిల్ సారాంశం ఇది. ఆరు వారాలు ఓటీ ఉంటుంది, ఇష్టమైనవాళ్లే చేయొచ్చు, కాదంటే కారణం చెప్పనక్కర్లేదు. ఎవరు ఎన్ని గంటలు చేశారో ఒక జాబితా గోడ మీద ఉంటుంది. షిఫ్ట్ వచ్చినప్పుడల్లా అందరికంటే తక్కువ గంటలున్న మనిషిని ముందు అడుగుతారు, వద్దంటే ఆ పై మనిషిని. ఇద్దరికీ సమానంగా ఉంటే సీజన్ మొదట్లో చీటీలు తీసిన వరస ప్రకారం. ఇంతవరకూ బాగుంది. ఆ తర్వాత వాక్యం: "వంతు వచ్చినవారు వద్దంటే, ఆ షిఫ్ట్ గంటలు చేసినట్టుగానే వారి పేరు మీద రాస్తాం."

నేను ఆగింది అక్కడే. చేయని గంటలు చేసినట్టు రాయడం ఏమిటి?

కిందటేడు ఏడు నిమిషాలు

ఈ మెయిల్ ఎందుకు వచ్చిందో మా వాళ్లందరికీ తెలుసు. కిందటేడు పద్ధతి ఏమీ లేదు, గ్రూప్‌లో మెసేజ్ పెట్టడమే. ముందు ఎవరు "ఓకే" అంటే వాళ్లకి షిఫ్ట్. వినడానికి ఇంతకంటే న్యాయం ఉండదు కదా, అందరికీ ఒకే మెసేజ్, ఒకే క్షణంలో.

ఒకరోజు సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకి మెసేజ్ వచ్చింది, ఆదివారం నలుగురు కావాలని. 4:17కి నాలుగు ఓకేలు పడిపోయాయి, "నిండిపోయింది, థాంక్స్" అని లీడ్ రాశారు. ఆ నలుగురిలో ముగ్గురు కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు. ప్యాకింగ్ లైన్ మీద ఉన్నవాళ్ల ఫోన్లు లాకర్లలో ఉంటాయి, అది రూలే. మేం లాకర్ తెరిచేసరికి ఐదున్నర. ఒకాయన ఫోన్ తీసి చూసి, ఏమీ అనకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. సీజన్ అయిపోయాక ఎవరో లెక్క తీస్తే, ఓటీలో సగానికి పైగా నలుగురికే పోయింది. అందులో కుట్ర ఏమీ లేదు. అందరికీ మెసేజ్ వెళ్లడం వేరు, అందరికీ అవకాశం వెళ్లడం వేరు, అంతే.

కాబట్టి జాబితా పద్ధతి నాకు నచ్చింది. ఓటీ మీద గొడవ అనగానే అందరూ రేటు గురించే మాట్లాడతారు. అది పాత విషయం, 1919లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒప్పందంలో ఓటీ గంటకి మామూలు రేటుకి కనీసం ఒకటింపావు రెట్లు ఇవ్వాలని రాసింది. పద్నాలుగు మందిలో ముందు ఎవర్ని అడగాలన్నది మాత్రం ఆ ఒప్పందంలో దొరకదు. అది ఒక టీమ్ లీడ్, ఒక మెయిల్, గోడ మీద ఒక కాగితం తేల్చుకోవాల్సిన విషయం.

లీడ్ చెప్పిన కారణం

మర్నాడు టీ బ్రేక్‌లో అడిగేశాను. "సార్, ఇష్టమైనవాళ్లే అన్నారు, మళ్లీ వద్దంటే గంటలు రాస్తామన్నారు. అది శిక్షే కదా?"

ఆయనకి కోపం రాలేదు. ఇంతకుముందు తను పనిచేసిన చోట వద్దన్న గంటలు రాసేవాళ్లు కాదట. ఒక మనిషి ఐదు వారాలు వరసగా ప్రతి షిఫ్టూ వద్దన్నాడు. తప్పేం లేదు, అతని ఇష్టం. కానీ అతని గంటలు సున్నా దగ్గరే ఉన్నాయి కాబట్టి ప్రతిసారీ ముందు అతన్నే అడగాలి, అతను ఆలోచించి చెప్పేదాకా ఆగాలి, ఆ తర్వాతే రెండో మనిషి. చివరి వారంలో ఎక్కువ డబ్బులొచ్చే సెలవు రోజు షిఫ్ట్ వచ్చింది. అప్పుడు మాత్రం "నేను చేస్తాను" అన్నాడు. జాబితా ప్రకారం అతనిదే. ఐదు వారాలు రాత్రీ పగలూ చేసినవాళ్లు చూస్తూ ఉండిపోయారు.

"వాడు రూల్ తప్పలేదు బాబూ. రూలే తప్పు," అన్నారు.

ఇది కొట్టిపారేసే మాట కాదు. వద్దు అన్నదానికి ఏ ఖరీదూ లేకపోతే, కష్టమైనవి వదిలేస్తూ మంచి షిఫ్ట్ కోసం కాచుకుని కూర్చోవచ్చు. కాగితం మీద గంటలు రాస్తే ఆ దారి మూసుకుపోతుంది. నీకు వంతు వచ్చింది, నువ్వు వదులుకున్నావు, ఇక పక్కవాడి వంతు. ఓటీని సమానంగా పంచాలని చూసే చాలా చోట్ల ఈ పద్ధతి ఉంది, మా లీడ్ కనిపెట్టింది కాదు.

అయినా నాకు లేబుల్ అక్క గుర్తొచ్చింది.

నలుగురితో లెక్క

పద్నాలుగు మందితో లెక్క వేస్తే పేజీలు పడతాయి, అందుకని నలుగురితో వేశాను. పేర్లు వద్దుగానీ, మేం పిలుచుకునేట్టే రాస్తాను. లేబుల్ అక్క, నేను, ఫోర్క్‌లిఫ్ట్ అన్న, స్కానర్ తమ్ముడు. చీటీల్లో వరస కూడా ఇదే అనుకుందాం. వారానికి రెండు రకాల ఓటీ: శనివారం ఆరు గంటల షిఫ్ట్‌కి ఇద్దరు, ఆ తర్వాత వచ్చే బుధవారం సాయంత్రం మూడు గంటలకి ఒక్కరు. లేబుల్ అక్క శనివారం రాలేదు. మంచం మీదున్న అత్తగారిని ఆ రోజు చూసుకునే మనిషి ఉండదు. బుధవారం అయితే ఎప్పుడైనా సిద్ధమే, డబ్బు అవసరం కూడా ఆమెకి మా అందరికంటే ఎక్కువే.

ముందు మెయిల్‌లో రాసిన రూల్ ప్రకారం చూద్దాం. మొదటి శనివారం అందరూ సున్నా, చీటీ ప్రకారం ముందు అక్కని అడుగుతారు. వద్దంటుంది. ఆమె పేరు మీద ఆరు. నేను, అన్న చేస్తాం, మాకూ ఆరేసి. బుధవారం వచ్చేసరికి అందరికంటే తక్కువ ఎవరు? తమ్ముడు, సున్నా. బుధవారం తమ్ముడికి పోయింది. అక్కకి ఆరు ఉన్నాయిగా మరి, కాగితం మీద.

రెండో శనివారం మూడు గంటలతో తమ్ముడు ముందు, చేస్తానంటాడు. ఆ తర్వాత ఆరేసి గంటలతో మేం ముగ్గురం, చీటీ వరసలో మళ్లీ అక్కే ముందు. మళ్లీ వద్దు, మళ్లీ ఆరు. ఆమె లెక్క పన్నెండు, చేసింది సున్నా. ఆ బుధవారం అన్నకి పోతుంది. మూడో వారానికి గానీ అక్కకి మొదటి బుధవారం దొరకదు.

ఇలా ఆరు వారాలూ వేసుకుంటూ పోయాను. చివర్లో గోడ మీద కాగితం ఇలా ఉంటుంది: అక్క 30, నేను 30, అన్న 27, తమ్ముడు 27. ఎంత ముచ్చటగా ఉందో చూడండి. పై ఆఫీసు నుంచి ఎవరొచ్చి చూసినా ఇంతకంటే సమానంగా పంచలేరంటారు. కానీ నిజంగా చేసిన గంటలు? నాకు 30, అన్నకి 27, తమ్ముడికి 27, లేబుల్ అక్కకి 6. ఆమె పేరు మీద ఉన్న మిగతా 24 నాలుగు శనివారాల వద్దులు.

నాకు కోపం తెప్పించింది ఆ ముప్ఫై అంకె. ఆమెకి తక్కువ దొరకడం ఒక సంగతి. అది కాగితం మీద కనపడకుండా పోవడం ఇంకో సంగతి. అదే ఎక్కువ చెడ్డది.

ఇప్పుడు రూల్ మార్చి, వద్దన్న గంటలు రాయకుండా మళ్లీ వేశాను. ఈసారి అక్క ప్రతి శనివారం వద్దంటుంది, ఆమె గంటలు ఎప్పుడూ అడుగునే ఉంటాయి, కాబట్టి ప్రతి బుధవారం ఆమెదే. ఆరు వారాల చివర అక్క 18, మిగతా ముగ్గురం 24 చొప్పున. అంకెలు చూస్తే ఇదే న్యాయం అనిపిస్తుంది. గెలిచాననుకున్నాను, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తమ్ముడి మాట

మడిచిన కాగితం స్కానర్ తమ్ముడికి చూపించాను. వాడు వేలు పెట్టి ఒక్క వరస చూపించాడు. "అంటే నాకు ఒక్క బుధవారం కూడా రాదా అన్నా?"

రాదు. ఆరు వారాల్లో ఒక్కటీ రాదు. శనివారం తెల్లారుజామున లేచి ఆరు గంటలు నిలబడటం మా ముగ్గురికీ, ఎలాగూ వచ్చిన రోజున ఇంకో మూడు గంటలు ఉండిపోయే సులువైన ఓటీ మొత్తం అక్కకీ. తమ్ముడికీ శనివారాలు క్రికెట్ ఉంటుంది. అది అత్తగారి సేవంత గొప్ప కారణం కాకపోవచ్చు. కానీ కారణం అడగం అని మెయిల్‌లోనే రాశారు కదా. కారణాలు తూచడం మొదలుపెడితే లీడ్ టేబుల్ ముందు ఎవరి కష్టం పెద్దదో చెప్పుకునే పోటీ మొదలవుతుంది, ఆ పోటీలో ఇంటి సంగతులు బయటపెట్టుకోలేనివాళ్లే ఓడిపోతారు. రేపు తమ్ముడు కూడా శనివారం రానంటే? అన్న కూడా అంటే? అప్పుడు శనివారాలన్నీ నాకే.

ఇక్కడే నా ఆలోచన అడ్డం తిరిగింది. అప్పటిదాకా "సమానం" అంటే ఒకటే అనుకుంటున్నాను. కాదు, రెండున్నాయి. ఒకటి అందరికీ దాదాపు ఒకే గంటలు రావడం. రెండోది ప్రతి రకం షిఫ్ట్ మీదా అందరికీ ఒకే వంతు రావడం. అక్కలాంటి మనిషి టీమ్‌లో ఉంటే ఈ రెండూ కలిసి రావు. బుధవారాలకి వేరే జాబితా, శనివారాలకి వేరే జాబితా పెట్టి చూశాను కూడా. అప్పుడు ఆరు బుధవారాల్లో చీటీ వరసన అక్కకి రెండు వస్తాయి. అంటే ఆరు గంటలు, మళ్లీ మొదటికే వచ్చాం. తేడా ఒక్కటే, ఈసారి కాగితం అబద్ధం చెప్పదు.

మెయిల్‌లో "న్యాయంగా పంచుతాం" అని మూడుచోట్ల ఉంది. ఈ రెంటిలో ఏది అన్నది ఒక్కచోటా లేదు. లీడ్‌ని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "నేను గంటలే అనుకున్నాను, కానీ రాసింది వంతుల రూలు" అన్నారు. అంత సూటిగా ఒప్పుకున్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

వద్దులన్నీ ఒకటి కాదు

నాకు చివరికి తోచింది ఏమిటంటే, గంటలు రాయాలా వద్దా అన్న ప్రశ్నే సరిగ్గా లేదు. ఏ వద్దుకి రాయాలి అని అడగాలి.

సీజన్ మొదలవకముందే "నేను శనివారాలు రాను" అని రాసిచ్చిన మనిషి ఎవరి టైమూ వృథా చేయడం లేదు. అతన్ని అడగనే అక్కర్లేదు, లీడ్ నేరుగా తర్వాతి పేరుకి వెళ్లిపోవచ్చు. అడగని దానికి గంటలు రాయడం అన్యాయం. వస్తానని రాసిచ్చిన రోజున, తీరా వంతు వచ్చాక వద్దన్నాడనుకోండి, అప్పుడు రాయండి. లీడ్ చెప్పిన పాత కథలో మనిషిని ఆపేది ఇదే. మంచి షిఫ్ట్ కోసం అన్ని రోజులూ తెరిచి ఉంచుకుని, వచ్చినవన్నీ వదిలేసే ఆట ఇక సాగదు. ఇక ఓకే అని చెప్పి, శుక్రవారం రాత్రి పదింటికి "సారీ, కుదరట్లేదు" అనే వద్దు ఉంటుంది చూడండి, అందరికంటే ఖరీదైనది అది. దానికి ఆరు గంటలూ రాయాల్సిందే. ఒంట్లో బాగోకపోతే తప్ప.

మౌనం సంగతి కూడా చెప్పాలి. అడిగితే జవాబు రాలేదు, దాన్ని వద్దు అనుకోవాలా? మా మెయిల్‌లో "సాయంత్రంలోగా చెప్పకపోతే వద్దన్నట్టే" అని ఉంది. సరే, కానీ అడిగింది ఎలా? ఫోన్ లాకర్‌లో ఉన్న మనిషికి మెసేజ్ పెట్టి, జవాబు రాలేదని గంటలు రాస్తే కిందటేటి ఏడు నిమిషాలే మళ్లీ వేరే వేషంలో వచ్చినట్టు. లైన్ మీదున్నవాళ్లని మనిషి వెళ్లి అడగాలి. పద్నాలుగు మందే కదా, పది నిమిషాల పని.

మనిషి తను వద్దనకుండానే వంతు పోయే సందర్భాలు కూడా ఉంటాయి. శుక్రవారం రాత్రి పదింటికి దిగినవాడిని శనివారం ఉదయం ఆరింటికి రమ్మనకూడదు, మధ్యలో ఉన్నది ఎనిమిది గంటలే. యూరోపియన్ యూనియన్ నియమాల్లో రోజుకి వరసగా 11 గంటల విశ్రాంతి ఉండాలని ఉంది, మా లీడ్ కూడా అదే పాటిస్తానన్నారు, మంచిదే. కానీ అలా దాటేసిన మనిషికి గంటలు రాయకూడదు, అతను వద్దనలేదుగా. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషే కావాల్సిన షిఫ్ట్ కూడా అంతే. అది లైసెన్స్ ఉన్న అన్నకే పోతుంది, ఆ గంటలు అన్న లెక్కలోకి వెళ్తాయి, దాటేసినవాళ్ల లెక్క కదలకూడదు. మధ్యలో కొత్తగా చేరినవాడిని సున్నాతో మొదలుపెట్టకూడదని కూడా మెయిల్‌లో రాశారు, అప్పటికి టీమ్ సగటు ఎంత ఉంటే అంత రాస్తారట. అది నాకు మొదట మోసం అనిపించింది కానీ, లేకపోతే వచ్చినవాడు రెండు మూడు వారాలు ఊపిరాడకుండా ప్రతి షిఫ్ట్‌కీ మొదట అడిగించుకుంటాడు. కొత్తవాడు వద్దనలేడు, చేరిన మొదటి నెలలో ఎవరంటారు?

దానికి తోడు ఇంకో భయం. వద్దులు రాయడం మొదలుపెడితే ఆ కాగితం సీజన్‌తో పాటు పోతుందా, లేక ఫైల్‌లో పడుకుని అప్రైజల్ రోజున లేస్తుందా? "ఆయన కాదనడం ఎక్కువ" అని ఒక్క మాట చాలు. కారణం అడగం అని రాయడంతో సరిపోదు. జాబితాని దేనికి వాడరో కూడా రాయాలి, ఆరో వారం అయ్యాక చించేస్తామనీ రాయాలి. నేనైతే ఇంకో అడుగు ముందుకేసి గోడ మీద కాగితంలో రెండు వరసలు అడుగుతాను. ఒకదాంట్లో చేసిన గంటలు, పక్కన వద్దన్నందుకు రాసిన గంటలు. కలిపిన మొత్తం ఒక్కటే పెడితే, 30 అన్న అంకె వెనక 6 దాక్కుంటుంది.

అక్క లెక్క

ఇంత చేసి, అసలు మనిషిని నేను అడగనే లేదు. లెక్క కాగితం పట్టుకుని లేబుల్ అక్క టేబుల్ దగ్గరికి వెళ్లాను. ఆమె రోల్ మారుస్తూనే వింది. ముప్ఫై, ఆరు అన్నప్పుడు నవ్వింది. పద్దెనిమిది అన్నప్పుడు మాత్రం తల ఊపలేదు.

"ప్రతి బుధవారం నాకే ఇస్తే అందరి కళ్లూ నా మీదే పడతాయి," అంది. "రెండు వారాలు నేను, మూడో వారం వాళ్లు. అలా రాయమను."

కూర్చుని వేశాను. ఆరు బుధవారాల్లో నాలుగు అక్కవి, రెండు మిగతావాళ్లవి. అక్కకి 12, మాలో ఇద్దరికి 27 చొప్పున, ఒకరికి 24. పద్దెనిమిది కంటే ఆమెకి ఆరు తక్కువ, మెయిల్‌లో రూల్ కంటే ఆరు ఎక్కువ. ఏ సూత్రం ప్రకారం ఇది న్యాయమో నేను చెప్పలేను. గంటలు సమానం కాలేదు, వంతులూ సమానం కాలేదు. తమ్ముడు మాత్రం ఒప్పుకున్నాడు. ఒక బుధవారం వస్తే చాలట వాడికి.

నిన్న సాయంత్రం సవరించిన మెయిల్ వచ్చింది. రాలేని రోజులు శుక్రవారంలోగా రాసివ్వమన్నారు, వాటికి గంటలు రాయరు. కాగితంలో రెండు వరసలు ఉంటాయి. మూడో బుధవారం సంగతి కూడా ఉంది, ఎవరి కోసమో చెప్పకుండా. కాగితాన్ని సీజన్ తర్వాత చించేసే మాట మాత్రం లేదు. రేపు టీ బ్రేక్‌లో మళ్లీ అడగాలి.